దవనం కొవ్వొత్తికి మొదటి మాట

మా అక్క చేతి బొరుగుల ఉగ్గాని మీద ఒట్టు. ఆ ఉగ్గాని పక్కన పెట్టే మిరపకాయ బజ్జీ మీద ఒట్టు. ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్న నా ఫ్లెక్స్ మిషను మీద ఒట్టు. ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. చెప్పులు విడిచి, నోరు పుక్కిలించి, తూర్పు ముఖంగా కూర్చుని మరీ రాస్తున్నాను. బ్రూస్‌పేటలో నా గురించి విచారిస్తే వేరే కథలు చెబుతారు. హగరి వంతెన మీద మొసలి నన్ను లిఫ్ట్ అడిగిందని నేను చెప్పానంటారు. చెప్పాను. కానీ ఆ రోజు ఒట్టు పెట్టలేదు కదా!

బ్రూస్‌పేటలో నాకు ఫ్లెక్సులు అచ్చువేసే చిన్న అంగడి ఉంది. అచ్చు వేయడం మిషను పని, మాటలు కూర్చడం నా పని. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, కొత్త అంగళ్ల ప్రారంభాలు, ఎన్నికల్లో గెలిచినవాడికి అభినందనలు, ఓడినవాడికి ధైర్యవచనాలు, అన్నీ తెలుగులోనూ కన్నడంలోనూ నేనే రాసిస్తాను. ఒకే వీధిలోని మూడు బజ్జీల బండ్లకు 'బళ్లారిలో మొట్టమొదటిసారిగా' అని వేసిచ్చాను. ముగ్గురూ సంతోషంగా తీసుకుపోయారు. అచ్చులో ఉన్న మాటను బళ్లారిలో ఎవరూ ఎదురు ప్రశ్నించరు.

అందుకే మా అక్క కూతురు తన కొవ్వొత్తుల కోసం నా దగ్గరికి వచ్చింది.

ఆ పిల్ల గురించి ముందు చెప్పాలి. పిల్ల అంటున్నాను గానీ ముప్పై దాటింది. సత్యనారాయణపేటలో మా అక్కతోనే ఉంటుంది. చాలా ఏళ్లు జీన్స్ యూనిట్‌లో చెకింగ్ పని చేసింది. కుట్టిన ప్రతి ప్యాంటునూ ట్యూబులైటు కింద తిరగేసి, తప్పిన కుట్టు ఎక్కడుందో పట్టుకోవడం ఆ పని. అలాంటి కళ్లున్న మనిషి మొదటి కొవ్వొత్తి చేసి వెలిగిస్తే ఏమైందంటే, మధ్యలో బావి తవ్వినట్టు గుంట పడి, చుట్టూ మైనం గోడలా నిలబడిపోయింది. నేనైతే దానికి 'బావి కొవ్వొత్తి' అని పేరు పెట్టి అమ్మేసేవాణ్ణి. ఆమె మాత్రం గాజు గ్లాసు వెడల్పు కొలిచి, దానికి ఆ వత్తి సన్నమైందని తేల్చి, వత్తి మార్చింది. తర్వాతి విడతలో కొవ్వొత్తుల పైన నూనె చుక్కలు తేలాయి. బళ్లారి ఎండకు కొవ్వొత్తికీ చెమట పట్టిందని నేను నవ్వాను. మైనం పట్టగలిగినదానికంటే వాసన నూనె ఎక్కువ పోశానని ఆమె కనిపెట్టింది. తగ్గించింది. సోయా మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగిస్తుంది. థర్మామీటరు చూసి, సరైన వేడి దగ్గర నూనె కలిపి, తొందరపడకుండా తిప్పి, గ్లాసుల్లో పోస్తుంది. పోశాక వారం, రెండు వారాలు వాటి జోలికి పోదు.

"ఊరగాయ మాదిరి ఊరబెడ్తాండావే" అన్నాను ఒకసారి.

"ఊరగాయే మామా. మైనంలోకి వాసన ఇంకల్ల. ఊరకముందే వెలిగిస్తే ఏముంటాది? ఉత్త మంట."

మొదట్లో అందరిలాగే లావెండర్, వనిల్లా చేసింది. బాగానే వచ్చాయి. ఒకరోజు వాటిని పక్కన పెట్టేసింది. "లావెండర్ మనూర్లో యాడ పూస్తాది మామా? నేను కంటితో చూడని పూవు గురించి నేనేం జెప్పేది?" అంది. తర్వాత చేసింది దవనం. మల్లెపూల దండలో మధ్య మధ్య ఆకుపచ్చగా కడతారే, ఆ దవనం. పూలమ్మే ఆమె బుట్ట మీది తడిగుడ్డ తీయగానే ముందు ముక్కుకు తగిలేది మల్లె కాదు, అదే. ఆ వాసనను గ్లాసులోకి దించడానికి ఎన్ని విడతలు పాడు చేసిందో నేను లెక్క చెప్పను, నేను చెప్పే లెక్కలు ఎలాగూ నమ్మరు. చివరికి దించింది. మొదటిసారి వెలిగించినప్పుడు మా అక్క వంటింట్లోంచి వచ్చి, "పూలు ఎవురు తెచ్చినారు?" అని గది నాలుగు మూలలూ చూసింది. ఆ మాటతో ఆ పిల్ల ముఖం ఎలా వెలిగిందో రాయడానికి నా దగ్గర అచ్చు లేదు.

అయితే ఒక చిక్కుంది. ఇన్నాళ్లూ ఆమె కొవ్వొత్తులు కొన్నది మేమే. అంటే చుట్టాలం, పక్కింటివాళ్లం, యూనిట్‌లో పాత స్నేహితురాళ్లు. మొహమాటానికి కొన్నాం. కొన్నవాళ్లలో సగంమంది కరెంటు పోయినప్పుడు వాడుకుందామని అల్మారాలో దాచుకున్నారు. మా ఊళ్లో కొవ్వొత్తి అంటే కరెంటు పోయినప్పటి సామాను, వాసన అంటే ఊదుబత్తి. రెండూ ఒకటేనని చెబితే ఎవరూ ఒప్పుకోరు. ఈలోగా జీన్స్ యూనిట్ నుంచి కబురొచ్చింది, దసరా అయ్యాక సూపర్‌వైజరుగా రమ్మని. ఆమె మా అక్కకు ఒక మాట ఇచ్చింది.

"ఈ దవనం బ్యాచ్‌ను మనల్ని తెలీనోళ్లు ఒక్కరన్నా అడిగి కొనుక్కుంటే ఇదే చేస్తా. చుట్టాల మొహమాటం లెక్కలోకి రాదు. ఒక్కరూ రాకుంటే దసరా అయినాక యూనిట్‌కు పోతా, గిన్నెలన్నీ నీకు ఇచ్చేస్తా."

మా అక్కకు ఆ గిన్నెల మీద ఆశ ఉన్నా, కూతురు ముఖం చూసి సరేనంది.

తెలియనివాళ్లు రావాలంటే దారి ఇన్‌స్టాగ్రామే. ఆమె మంచి ఫొటో తీసింది. కింద రాసే మాటలకు నన్ను పిలిచింది. నేను కాలరు సర్దుకుని పోయాను.

రాయబోతుంటే మా అక్క అడ్డు తగిలింది. "మొదుల్లో దేవుని పేరు రాయల్లరా. శుభం పలకకుండా ఎవురన్నా మొదలుపెడ్తారా?"

ఇందులో నాకూ అభ్యంతరం లేదు. నా అంగట్లో ఏ ఫ్లెక్సయినా, ఏ ఆహ్వాన పత్రికయినా పైన దేవుడితోనే మొదలవుతుంది. అలా రాయకపోతే చెయ్యి సాగదు. కాబట్టి 'శ్రీ గణేశాయ నమః' అని మొదలుపెట్టాను. తర్వాత 'కులదేవత ఆశీర్వాదంతో, పెద్దల దీవెనలతో, బంధుమిత్రుల సహకారంతో' అని సాగించాను. ఆపైన 'మీకందరికీ తెలియజేయడమేమనగా' అన్నాను. ఆ తర్వాతే కొవ్వొత్తి. ఆ పిల్ల ముఖం అదోలా పెట్టింది గానీ మామ పెద్దరికానికీ అమ్మ భక్తికీ మధ్య ఇరుక్కుని పోస్ట్ చేసేసింది.

చేశాక ఫోను నా చేతికిచ్చి, "ఇప్పుడు ఎవురో తెలీనోళ్ల మాదిరి చూడు" అంది.

చూశాను. ఫొటో కింద రెండు వరుసలు కనబడ్డాయి. వినాయకుడు, కులదేవత, పెద్దల దీవెనలు. ఆ తర్వాత మూడు చుక్కలు, 'మోర్' అని ఒక మాట. దాని మీద వేలు పెడితేనే మిగతాది తెరుచుకుంటుంది. కొవ్వొత్తి ఆ తలుపు వెనకాల ఉండిపోయింది.

లైకులు వచ్చాయి. అందరూ మావాళ్లే. బళ్లారి పక్కన మోక అనే ఊళ్లో మాకు వరసకు చిన్నాన్న ఒకాయన ఉన్నాడు. ఆయన లైకుతో ఆగకుండా ఫోను చేశాడు. "పత్రిక చూసినాను కదప్పా. శానా సంతోషం. ముహూర్తం ఎన్ని గంటలకు? గృహప్రవేశం ఆ పాత ఇంటికేనా, కొత్తది కట్టినారా? మాకు ముందు చెప్పనే లేదే!"

కాదని చెబితే ఆయనకు ఇంకా కోపం వచ్చింది. పిలవడం ఇష్టం లేక మాట మారుస్తున్నామనుకున్నాడు. చేసేది లేక ఒక ఆదివారం నేనూ ఆ పిల్లా ఒక కొవ్వొత్తి పట్టుకుని మోకకు పోయి, ఆయన ఇంట్లో జొన్నరొట్టె తిని, గృహప్రవేశం లేదని ఒట్టేసి వచ్చాం. నా ఒట్టు చాలలేదు, ఆమె కూడా వేయాల్సి వచ్చింది.

తిరుగు బస్సులో ఆమె నాతో మాట్లాడలేదు. అలిగిందనుకున్నాను. తర్వాత గమనిస్తే ముందు సీట్లో కూర్చున్న కాలేజీ పిల్ల బొటనవేలు వైపు చూస్తోంది. చెకింగ్ బల్ల దగ్గర కుట్టు చూసినట్టు చూస్తోంది. ఆ కాలేజీ పిల్ల ఫోను తెరను పైకి తోస్తూ పోతోంది. పెళ్లిళ్లు, నగలు, క్రికెట్, ఆఫర్లు, ఎవరెవరి ముఖాలో, అన్నీ పైకి పోతున్నాయి. ఏదీ ఆగడం లేదు.

"మామా, ఒక్క ఊపిరికి నాలుగు పోతాండాయి" అంది గుసగుసగా. "నువ్వు రాసిన దీవెనలు చదివేలోపు మనిషి బళ్లారి దాటి హొసపేట చేరుకుంటాడు."

"మరి ఆగేది ఎట్ల?"

"సుమ్నె ఉండు, మాట్లాడద్దు. చూస్తాండా."

కొంతసేపటికి ఆ బొటనవేలు ఆగింది. ఏమిటా అని నేనూ మెడ చాచాను. ఎవరి వంటింట్లోనో స్టవ్ మీద పాలు. నురగ గిన్నె అంచుదాకా వచ్చి ఉంది. ఇంకా పొంగలేదు. ఆ కాలేజీ పిల్ల ఆగి, అది పొంగుతుందో లేదో చూసి, అప్పుడే ముందుకు పోయింది.

మా పిల్ల వెనక్కి వాలి కూర్చుంది. "నవ్వు ముఖం పెట్టినోళ్ల కాడ ఆగలేదు. మెరిసేదాని కాడ ఆగలేదు. చేతులు అడ్డం పెట్టి ఆపల్ల అనిపించేదాని కాడ ఆగింది" అంది.

దీన్ని నేను నా పద్ధతిలో అర్థం చేసుకున్నాను. జనాన్ని బెదరగొట్టాలి, నోరు తెరిపించాలి. అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇంటికి పోయేలోపే వాక్యం సిద్ధమైంది. మర్నాడు ఆమె వద్దంటున్నా బతిమాలి పెట్టించాను.

'సత్యనారాయణపేటలో ఈ కొవ్వొత్తి వెలిగించిన రోజు, బ్రూస్‌పేటలో వీధికుక్కలు మొరగడం మరచిపోయాయి.'

ఇది రెండు వరుసల్లో ఇమిడింది. దేవుళ్లు లేరు, దీవెనలు లేవు. మా అక్క రెండు పూటలు నాతో మాట్లాడలేదు. కానీ పోస్టు ఎగిరింది! మనకు తెలియని పేర్లు, తెలియని ముఖాలు. ఒకడు 'అన్నా, ఆ కుక్కలు ఇప్పుడు యాడుండాయి' అన్నాడు. 'మా ఆయనకు పనిచేస్తుందా' అని ఒకామె అడిగితే, ఇంకొకడు 'రెండు వెలిగించండి' అని జవాబిచ్చాడు. స్నేహితులు స్నేహితుల్ని పిలుచుకొచ్చి చూపించారు. నేను అంగట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ చదివి వినిపించాను. ఆ రోజు రెండు ఫ్లెక్సులు తలకిందులుగా అచ్చు పడ్డా లక్ష్యపెట్టలేదు.

సాయంత్రం ఆ పిల్ల అంగడికి వచ్చింది. ముఖంలో సంబరం లేదు.

"ఏమే, మామ పనితనం చూసినావా? ఎంతమంది ఆగినారో!"

"ఆగినారు మామా. కాదనలే. ఆగి, నిన్ను చూసి నవ్వి పోయినారు. క్యాండిల్ కాడికి ఒక్కరూ రాలేదు. ఇంతమందిలో దవనం అన్న మాట ఎవురన్నా పలికినారా, చూపించు."

వెతికాను. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి. కుక్కలున్నాయి, మొగుళ్లున్నారు, నవ్వులున్నాయి. దవనం లేదు.

"ఒక్కరు మటుకు మెసేజ్ పెట్టినారు" అని ఫోను చూపింది. తెలియని ఆమె. తమ పక్కింటి కుక్క రాత్రంతా మొరుగుతోందట, ఇంట్లో ముసలాయనకు నిద్ర లేదట, ఈ కొవ్వొత్తి నిజంగా పనిచేస్తే రెండు పంపించమని అడిగింది. చిరునామా కూడా పెట్టింది.

నేను బల్ల మీద చరిచాను. "అదీ! తెలీని మనిషి అడిగి కొంటాంది. నీ మాట నిలబడె. యూనిట్‌కు పోయే పనే లేదు. ప్యాక్ చెయ్!"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పటికే జవాబు రాసేసిందట. చదివి వినిపించింది. 'అక్కా, ఆ మాట మా మామ కట్టిన కథ. ఈ క్యాండిల్‌కూ కుక్కలకూ సంబంధం లేదు. దవనం వాసన వస్తుంది, అంతే. మీకు ఆశ కలిగించినందుకు మన్నించండి.' ఆమె దగ్గర నుంచి 'సరేనమ్మా' అని ఒక్క మాట వచ్చిందట. తర్వాత ఏమీ లేదు.

"పిచ్చిదానివా? వచ్చింది ఒక్కరు. ఆ ఒక్కర్ని నువ్వే తరిమేస్తివే!"

"ఆయమ్మ కొనింది క్యాండిల్ కాదు మామా, నీ కుక్కల్ని. వెలిగించి కూచ్చుంటాది, కుక్క మొరుగుతానే ఉంటాది. ఆ పొద్దు నా దవనం ఆయమ్మకు ఎట్ల వాసనొస్తాది? అబద్దం మాదిరి వస్తాది."

నేను ఫ్లెక్సు ముక్కలు సర్దుతున్నట్టు నటించాను. నలభై ఏళ్లకు పైగా కథలు చెబుతున్నాను. నా మాట విన్నవాడు ఇంటికి పోయి ఏం చేస్తాడన్నది నేనెప్పుడూ ఆలోచించలేదు. ఈమె అది కూడా తిరగేసి, లోపలి కుట్టు చూసింది. దసరా దగ్గర పడుతోంది. యూనిట్‌వాళ్లు రెండోసారి ఫోను చేశారు. అయినా వచ్చిన ఒక్క గిరాకీని నిజం చెప్పి పంపేసింది. నాకైతే ఆ ధైర్యం లేదు. ఆ రోజు మొదటిసారి, ఈ పిల్లకు నేను మామనని పదిమందికి చెప్పుకోవాలనిపించింది.

కుక్కల పోస్టు తీసేసింది. నవ్వినవాళ్లు ఒకరిద్దరు ఎక్కడికి పోయిందని అడిగారు. అంతటితో సరి.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నేను వాళ్లింటికి పోయాను. హాల్లో బల్ల మీద దవనం కొవ్వొత్తి వెలుగుతోంది. పై మైనం అంచునుంచి అంచుదాకా సమంగా కరుగుతోందా అని ఆమె చూసుకుంటోంది. మా అక్క కొద్ది దూరంలో బియ్యం ఏరుతోంది. కాఫీ తాగాను, కబుర్లయ్యాయి. మైనం అంచులదాకా కరిగింది, పరీక్ష ముగిసింది. ఇక ఆర్పేద్దామని నేను లేచి, కొవ్వొత్తి మీదికి వంగి, బుగ్గలు పూరించాను.

"ఊదద్దు!"

రెండు గొంతులు ఒకేసారి. నేను బుగ్గలు అలాగే పెట్టుకుని బిగుసుకుపోయాను.

"నోటితో దీపం ఊదుతారేమిరా, బుద్ధిలేనోడా!" మా అక్క చేట పక్కన పెట్టి లేచింది. "ఇంట్లో ఎవురన్నా ఆ పని చేస్తారా? ఎంగిలి గాలి అది. లచ్చిమి నిలుస్తాదా?"

"ఊదితే పొగ లేస్తాది మామా" అంది ఆ పిల్ల అదే ఊపులో. "ఇంతసేపూ నింపుకున్న దవనం అంతా కాలిన వత్తి వాసన కింద పోతాది. మూతుండేది దేనికి?" అంటూ గ్లాసుతో పాటు ఇచ్చే చెక్క మూతను మంట మీద మెల్లగా బోర్లించింది. మంట చిన్నబోయి, లోపలే మాయమైంది. పొగ బయటికి రాలేదు. గదిలో దవనం అలాగే ఉంది.

అప్పుడే ఆమె నా వైపు తిరిగి, నా బుగ్గల్ని చూసింది. నేనింకా గాలి వదల్లేదు.

"ఆగినావు" అంది.

"ఆగక? ఇద్దరూ కలిసి అరిస్తిరి కదా!"

"అది కాదు. అమ్మ చెప్పిన కారణం వేరే, నేను చెప్పింది వేరే. ఏదీ వినకముందే ఆగినావు. ఎందుకు ఊదద్దో తెలుసుకునేదానికి ఇంకా అట్లే వంగుకొని ఉండావు."

ఫోను తీసుకుంది. నేను పక్కన చేరాను. మా అక్క ఇంకో పక్కన చేరింది. ఆమె రాసింది ఇది:

'నోటితో ఊదద్దు. ఊదితే మిగిలేది పొగ. మూత పెడితే మిగిలేది దవనం.'

నేను చదివి, అలవాటు కొద్దీ, "మొదటి మాటకు మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టు. ముందర ఒక నిప్పు బొమ్మ కూడా పెట్టు" అన్నాను.

"బేడ మామా, వద్దు. అరిస్తే అంగడి అనుకొని తోసుకుంటా పోతారు. ఇంట్లోవాళ్లు చెప్పినట్ల ఉండల్ల."

"లచ్చిమి పోతాదని కూడా రాయమ్మే" అంది మా అక్క.

"వద్దమ్మా. భయపెట్టి అమ్మేది కూడా మామ కుక్కల మాదిరే. తెలిసినోళ్లకు ఆ ఒక్క మాటతోనే వాళ్లమ్మ గొంతు వినపడ్తాది. తెలీనోళ్లకు పొగ సంగతి చాలు."

నేను మళ్లీ చదివాను. ఇన్నేళ్లూ మాటలు అచ్చు వేసినవాణ్ణి, ఆ వాక్యంలో ఒక్క అక్షరం కదిలించడానికి చోటు దొరకలేదు. మొదటి మాట చేతిని ఆపుతుంది. రెండోది ఎందుకో చెబుతుంది. మూడోదానికి వచ్చేసరికి సరుకు పేరు తెలిసిపోతుంది, అదీ 'మోర్' అనే తలుపుకు ఇవతలే. చెప్పిందంతా నిజం. ఎవరైనా కొనుక్కుపోయి, ఊది ఒకసారి, మూత పెట్టి ఒకసారి చూసుకోవచ్చు. నా మొసలిని అలా పరీక్షించే వీలు లేదు.

ఆమె అక్కడితో ఆగలేదు. కొవ్వొత్తి పక్కన గులాబీలు పెట్టి తీసిన పాత ఫొటో తీసేసింది. మళ్లీ వెలిగించి, చెక్క మూత మంట మీదికి సగం వచ్చినప్పుడు, తన చెయ్యి మాత్రమే కనబడేలా నాతో ఫొటో తీయించింది. మాటా బొమ్మా ఒకే పని చేస్తున్నాయి. కింద తలుపు వెనకాల ఏ మైనం, గ్లాసు ఎంత, ఎలా తెప్పించుకోవాలి అన్నీ వరుసగా రాసింది. 'ఊదబేడి' అని మొదలుపెట్టి అదే మాటను కన్నడంలోనూ రాసింది. హ్యాష్‌ట్యాగులన్నీ అట్టడుగుకు పోయాయి. మా అక్క మనసు కష్టపెట్టకుండా చిట్టచివర చిన్న వినాయకుణ్ణి కూర్చోబెట్టింది. పోస్టు చేశాక ఒకసారి తన పాత పోస్టుల మధ్య దాన్ని బొటనవేలితో తోసి, ఆగబుద్ధవుతుందో లేదో తానే చూసుకుంది.

ఇది కుక్కల పోస్టులా ఎగరలేదు. నవ్వులు రాలేదు. నిదానంగా మాటలు వచ్చాయి. ఒకామె 'మా అవ్వ చేత్తో విసిరి ఆర్పేది' అని రాసింది. ఇంకొకరు పుట్టినరోజు కేకు మీద ఊదడం చూస్తే తమ అత్తగారు ఇప్పటికీ ముఖం తిప్పుకుంటారని రాశారు. ఎవరో దవనం అంటే ఏదని అడిగితే, ఎవరో మల్లెదండలో ఉండే పచ్చ ఆకు అని జవాబిచ్చారు. దవనం గురించి తెలియనివాళ్లు తెలియనివాళ్లతో మాట్లాడుకుంటున్నారు. ఆ పిల్ల ఆ రెండు మాటల్నీ చాలాసేపు చూసింది.

తర్వాత మెసేజ్ వచ్చింది. గుంతకల్లు నుంచి. మాకు ఆ ఊళ్లో చుట్టాలు లేరు, నేను రెండుసార్లు ఆలోచించి మరీ చూశాను. 'ఆ చెక్క మూత క్యాండిల్‌తో పాటే వస్తుందా, విడిగా కొనాలా? పాటే వస్తే నాకొకటి పంపండి.'

"కుక్క గురించి ఏమన్నా అడిగిందా?" అన్నాను.

"లేదు మామా. మూత గురించి అడిగింది." ఫోను నా ముందు పెట్టింది. "ఫొటో చూసి, చదివి, నమ్మి, మూత గురించి అడిగింది."

మా అక్క లేచింది. వంటింట్లోకి పోయి, మైనం కరిగించే ఆ రెండు గిన్నెల్ని పైనున్న అరలోంచి దించి, స్టవ్ పక్కన అందుబాటులో పెట్టింది. ఆ పిల్ల దసరాకు ముందే యూనిట్‌కు ఫోను చేసి, రావడం లేదని మర్యాదగా చెప్పింది.

ఇక ఒట్టు సంగతి. ఉగ్గాని మీద వేసిన ఒట్టు తప్పితే మా అక్క నాకు మళ్లీ ఉగ్గాని పెట్టదు గనక చెప్పేస్తున్నాను. మీరంతా కుక్కల్ని అనుమానిస్తూ ఉంటారు. ఆ వాక్యం నేను రాసింది నిజం, ఆ తెలియని ఆమె మెసేజ్ నిజం, మా పిల్ల ఇచ్చిన జవాబూ నిజం. మోక చిన్నాన్న ఫోను అక్షరాలా నిజం. గుంతకల్లూ నిజమే. అబద్ధం ఒక్కటే. ఆ సాయంత్రం కొవ్వొత్తి మీదికి వంగి బుగ్గలు పూరించింది నేను కాదు, కాఫీపొడి అడగడానికి వచ్చిన పక్కింటామె. ఫొటో తీసిందీ ఆమే. నేను ఆ గదిలోనే లేను, అంగట్లో ఎవరికో 'మొట్టమొదటిసారిగా' అచ్చు వేస్తున్నాను. 'నోటితో ఊదద్దు' లాంటి వాక్యం ఒకటి నేను లేకుండా పుట్టిందని రాయడానికి చెయ్యి రాలేదు.